చలానా కట్టాక కూడా లైసెన్సు ఎందుకు పోతుంది?

విజయనగరం కోట జంక్షన్‌లోనో, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లోనో బండి ఆపి చలానా రాస్తుంటే మనవాళ్లు ఎక్కువగా అనే మాట ఒకటుంది: "రాసీండి సార్, కట్టీస్తాను, గొడవొదిలిపోద్ది." అలా అనుకోవడం వాళ్ల అమాయకత్వమేమీ కాదు. ఎనభై ఏళ్ల పాటు మన మోటారు వాహనాల చట్టం దాదాపు ఆ భరోసాయే ఇచ్చింది. ఆ భరోసా 2019లో పోయింది. అది పోయిన సంగతి మాత్రం చాలామందికి చేరలేదు.

బ్రిటిషు వాళ్ల కాలంలో వచ్చిన 1939 చట్టంలో 130వ సెక్షన్ ఉండేది. చిన్న తప్పులకు కోర్టు సమను పంపేది. డ్రైవరు కోర్టు మెట్లెక్కక్కర్లేదు. తప్పు ఒప్పుకుంటున్నానని ఉత్తరం రాసి, కోర్టు చెప్పిన సొమ్ము మనియార్డరు చేస్తే కేసు ముగిసేది. లారీ డ్రైవరు ఇచ్ఛాపురంలో దొరికితే వాయిదా కోసం మళ్లీ కలకత్తా నుంచి రావాల్సిన పని ఉండేది కాదు. 1988 చట్టం ఇదే ఏర్పాటును 208వ సెక్షన్‌గా తెచ్చుకుంది. అందులో ఒక వాక్యం ముఖ్యం. అలా తప్పు ఒప్పుకుని సొమ్ము పంపినవాడి మీద తదుపరి చర్యలేవీ ఉండవు, ఒప్పుకున్నాడన్న కారణంతో లైసెన్సుకు అనర్హుణ్ణి చేయకూడదు. డబ్బు కడితే లైసెన్సు భద్రం అన్న నమ్మకానికి మూలం ఇక్కడే ఉంది.

అదే చట్టంలో 200వ సెక్షన్ పోలీసు, రవాణా అధికారులకు కోర్టు బయటే రాజీ సొమ్ము తీసుకునే అధికారం ఇచ్చింది. దీన్నే కాంపౌండింగ్ అంటారు. మనం రోడ్డు మీద కట్టినా, ఫోన్లో కట్టినా చేస్తున్నది ఇదే. హెల్మెట్ లేకపోతే వంద రూపాయలు పడే రోజుల్లో దీని గురించి ఆలోచించే అవసరం ఎవరికీ రాలేదు.

కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ రోడ్డు ప్రమాదాల మీద సుప్రీంకోర్టులో పిటిషన్ వేయడంతో గాలి మారింది. 2014లో కోర్టు జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ అధ్యక్షతన రోడ్డు భద్రత కమిటీని వేసింది. అతివేగం, ఎర్రలైటు దాటడం, తాగి నడపడం, నడుపుతూ ఫోన్ మాట్లాడడం, సరకు బండిలో ఎక్కువ లోడు వేయడం, జనాన్ని ఎక్కించడం వంటి తప్పులకు కనీసం 3 నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని ఆ కమిటీ 2015 ఆగస్టులో రాష్ట్రాలకు చెప్పింది. జరిమానాకు జనం జంకడం లేదని, లైసెన్సు పోతుందంటే జంకుతారని కమిటీ లెక్క. ఆ లెక్క తప్పని నేననుకోను. కానీ దాని బరువు సరదాగా బండి నడిపేవాడి మీద ఒకలా, స్టీరింగే కూడు పెట్టేవాడి మీద ఇంకోలా పడుతుంది.

2019 సవరణ ఆ ఆలోచనను చట్టంలోకి తెచ్చింది. 194డి ప్రకారం హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయల జరిమానా, 3 నెలల లైసెన్సు అనర్హత. బైకు మీద ముగ్గురు ఎక్కితే 194సి ప్రకారం అంతే. ఇలాంటి తప్పుల్లో పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపాలని 206వ సెక్షన్‌లో కొత్తగా నాలుగో ఉపసెక్షన్ చేరింది. అసలు మెలిక 200వ సెక్షన్ చివర ఉంది. కాంపౌండింగ్ సొమ్ము కట్టినా 206(4) కింద జరిగే చర్య నుంచి తప్పించుకోలేరని ఒక షరతు, కట్టేసిన తప్పు కూడా తర్వాతి తప్పును "రెండోసారి"గా లెక్కించడానికి పనికొస్తుందని ఇంకో షరతు పెట్టారు. మనియార్డరు నాటి భరోసాకు ఇది పూర్తిగా తిరగేసిన మాట. విచిత్రమేమిటంటే 208వ సెక్షన్‌లోని పాత వాక్యం ఇప్పటికీ పుస్తకంలో ఉంది. అది కోర్టుకు తప్పు ఒప్పుకున్నవాడి సంగతి. జంక్షన్‌లో కట్టినవాడికి వర్తించేది 200.

మన రాష్ట్రంలో కొత్త రేట్లు 2020 అక్టోబరులో ఉత్తర్వుగా వచ్చినా, హెల్మెట్ విషయంలో చాలాకాలం చూసీచూడనట్టు నడిచింది. 2024లో అమలు గురించి హైకోర్టు గట్టిగా అడిగింది. 2025 మార్చి నుంచి తనిఖీలు పెరిగాయి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. గజపతినగరం నుంచి విజయనగరం వచ్చి ప్రైవేటు స్కూలు బస్సు నడిపే డ్రైవరు. ఆదివారం సొంత బైకు మీద హెల్మెట్ లేకుండా రింగు రోడ్డులో దొరికాడు. మొదట తేల్చుకోవాల్సింది అది కెమెరా తీసిన చలానానా, బండి ఆపి రాసినదా అని. ఫొటో చలానా బండి నంబరు మీద యజమానికి వెళుతుంది. నడిపింది ఎవరో, అతని లైసెన్సు ఏమిటో అందులో ఉండదు కాబట్టి లైసెన్సు దాకా వెళ్లడం కష్టం. బండి ఆపి లైసెన్సు నంబరు రాసుకుంటే, లేదా కార్డే తీసుకుంటే, దారి వేరు. కార్డు తీసుకుంటే 206(3) ప్రకారం తాత్కాలిక రసీదు ఇవ్వాలి. లైసెన్సు తిరిగి వచ్చేదాకా, లేదా అందులో రాసిన తేదీ దాకా, ఆ రసీదుతో బండి నడపొచ్చు. రసీదు అడగకుండా ఇంటికి పోతే సోమవారం బస్సు ఎక్కినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

అతను 1,000 కట్టేశాడనుకుందాం. డబ్బు కేసు అక్కడితో సరి. లైసెన్సు కాగితం మాత్రం రవాణా కార్యాలయానికి వెళ్లొచ్చు. అనర్హత వేసే అధికారం పోలీసుకు లేదు, లైసెన్సింగ్ అధికారిదే. 2022లో కలకత్తా హైకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఆ అధికారి కూడా 19వ సెక్షన్ ప్రకారం ముందు నోటీసు ఇచ్చి మాట వినాలి, కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. మన డ్రైవరుకు అసలు అవకాశం ఇక్కడే. అనర్హత లైసెన్సులోని "అన్ని తరగతులకు, లేదా ఏదో ఒక తరగతికి" వేయొచ్చని 19(1ఎ) చెబుతుంది. తప్పు బైకు మీద జరిగింది కాబట్టి బైకు తరగతికే పరిమితం చేయమని, బస్సు తరగతి వదిలేయమని రాతపూర్వకంగా అడగాలి. అధికారి ఒప్పుకుని తీరాలని లేదు. అడగకపోతే మాత్రం మొత్తం లైసెన్సు మీద పడే ప్రమాదం ఎక్కువ. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు ఉంది.

మరి కట్టకుండా కోర్టులో పోరాడితే? హెల్మెట్ లేదన్నది నిజమైతే దండగ. కోర్టు కూడా ఆ 1,000 రూపాయలే వేస్తుంది, ఒకట్రెండు రోజుల కూలి అదనంగా పోతుంది. బండి తనది కాకపోయినా, నంబరు తప్పు చదివినా, ఆ వేళకు బండి వేరేచోట ఉన్నా కట్టకూడదు. కట్టడమంటే రికార్డులో మొదటి తప్పు నమోదు చేయించుకోవడమే. రెండోసారి దొరికితే చట్టం 3 నెలల అనర్హతతో ఆగదు, లైసెన్సు రద్దు దాకా పోతుంది. కోర్టులో నేరం ఒప్పుకోనని చెబితే రుజువు చేయాల్సింది పోలీసులే. ఫొటో మీద తేదీ, సమయం, చోటు కనిపిస్తున్నాయా, దాన్ని సాక్ష్యంగా పెట్టడానికి కావలసిన ధ్రువపత్రం జత చేశారా అన్నవి అక్కడ అడగొచ్చు. తాగి నడిపిన కేసుకు ఇవేవీ వర్తించవు. 185వ సెక్షన్ కాంపౌండింగ్ జాబితాలోనే లేదు, కోర్టుకు వెళ్లక తప్పదు.

అనర్హత ఉత్తర్వు చేతికొచ్చాక మాత్రం 3 నెలలూ బండి ముట్టకూడదు. అనర్హత ఉండగా నడిపితే 182వ సెక్షన్ ప్రకారం 3 నెలల దాకా జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. తెలిసీ బస్సు ఇచ్చిన యాజమాన్యం మీదా కేసు పడుతుంది.