గ్రాండ్ టెస్టుల సగటు, టార్గెట్ లెక్క: అపోహలు - వాస్తవాలు

ఇంటర్ సెకండియర్ పిల్లలకు మ్యాథ్స్ చెబుతాను. ఈఏపీసెట్ గ్రాండ్ టెస్టులు మొదలయ్యాయంటే ప్రతి నోటు పుస్తకం చివరి పేజీలో ఒక పట్టిక వెలుస్తుంది: టెస్టు నంబరు, మార్కు, సగటు. పైన టార్గెట్ రాసి దాని చుట్టూ గీత గీసుకుంటారు. ఆ పట్టిక సరిగ్గా నింపితే చాలా పనికొస్తుంది. తప్పుగా నింపితే లేని ధీమా ఇస్తుంది, లేదంటే అక్కర్లేని టెన్షన్ పెడుతుంది. అందుకే నాకు తరచూ వినబడే మాటలు కొన్ని ఇక్కడ తీసుకుంటున్నాను.

ఉదాహరణకు ఒక విద్యార్థిని లెక్క చూద్దాం. మొత్తం 15 గ్రాండ్ టెస్టులు, ఒక్కోటి 160 మార్కులకు. టార్గెట్ సగటు 120. ఏడు టెస్టులు అయ్యేసరికి ఆమె సగటు 112.

అపోహ: కొత్త మార్కు వచ్చినప్పుడల్లా మొదటి టెస్టు నుంచి అన్నీ మళ్లీ కూడాలి.

అక్కర్లేదు. పాత సగటు, ఎన్ని టెస్టులయ్యాయన్న లెక్క, ఈ రెండూ ఉంటే చాలు. పాత మార్కుల కాగితం పోయినా ఫర్వాలేదు.

కొత్త సగటు = పాత సగటు + (కొత్త మార్కు − పాత సగటు) ÷ కొత్త దానితో కలిపి టెస్టుల సంఖ్య

ఎనిమిదో టెస్టులో 128 వచ్చాయి. 112 కంటే 16 ఎక్కువ. 16ని 8తో భాగిస్తే 2. కొత్త సగటు 114. నమ్మకం కుదరకపోతే సరిచూసుకోండి: 7 × 112 = 784, దానికి 128 కలిపితే 912, ఎనిమిదితో భాగిస్తే 114.

ఇది ఎందుకు పనిచేస్తుందో పిల్లలకు తప్పకుండా చెబుతాను. కొత్త మార్కు సరిగ్గా 112 వచ్చి ఉంటే సగటు కదిలేదే కాదు. అంతకు మించి వచ్చిన 16 మార్కులనే ఎనిమిది టెస్టులకూ సమానంగా పంచుతున్నాం. తొమ్మిదో టెస్టులో 105 వస్తే తేడా −9, తొమ్మిదితో భాగిస్తే −1, సగటు 113. పదోదాంట్లో 123 వస్తే తేడా 10, పదితో భాగిస్తే 1, మళ్లీ 114. అంతా నోటి లెక్కే. షీట్‌లో చేసుకునేవాళ్లు A లో టెస్టు నంబరు, B లో మార్కు, C లో సగటు పెట్టుకుని, మొదటి వరస శీర్షికలకు వదిలి, C2 లో మొదటి టెస్టు మార్కునే వేసి, మూడో వరసలో C కింద ఇలా రాయాలి:

```
=C2+(B3-C2)/A3
```

అపోహ: పాత సగటు, కొత్త మార్కు కలిపి రెండుతో భాగిస్తే కొత్త సగటు వచ్చేస్తుంది.

ఇది బాగా చదివే పిల్లలు కూడా చేసే పొరపాటు. 112, 128 కలిపి సగం చేస్తే 120 వస్తుంది. టార్గెట్ చేరిపోయామని సంబరపడతారు. అసలు సగటు 114 మాత్రమే. సగం చేయడమంటే ఒక్క తాజా టెస్టుకి, వెనకటి ఏడు టెస్టులన్నింటికీ కలిపి ఇచ్చినంత బరువు ఇచ్చినట్టు. తొమ్మిదో టెస్టులో 105 రాగానే ఇదే పద్ధతి 120ని ఒక్కసారిగా 112.5కి దించేస్తుంది. తొమ్మిదో టెస్టు దాటాక కూడా ఒక్క మార్కుతో సగటు ఏడెనిమిది మార్కులు ఊగుతోందంటే, దాదాపు ఎప్పుడూ ఈ తప్పే జరిగి ఉంటుంది. తొమ్మిదో టెస్టు సగటును ఒక్క మార్కు కదిలించాలన్నా, అది పాత సగటుకి 9 మార్కుల దూరంలో ఉండాలి.

అపోహ: సగటు టార్గెట్‌కి ఆరు తక్కువ ఉంది కాబట్టి ఇకపై ప్రతి టెస్టులో ఆరు ఎక్కువ తెచ్చుకుంటే సరిపోతుంది.

"సార్, 114 ఉంది, ఇక నుంచి 126 తెచ్చుకుంటాను" అంటారు. ఎనిమిది టెస్టుల తర్వాత సగటులో 6 తక్కువంటే, మార్కుల్లో బాకీ 6 × 8 = 48. మిగిలినవి ఏడు టెస్టులే. 48ని ఏడుతో భాగిస్తే 6.86. అంటే ఇకపై సగటున 127 దాకా రావాలి. 126 చాలదు. సరిగ్గా సగం టెస్టులు అయినప్పుడు మాత్రమే ఆ రెండు ఆరులూ ఒకటవుతాయి. సగానికి ముందు తక్కువ తెచ్చుకున్నా చాలు, సగం దాటాక మరింత ఎక్కువ కావాలి.

అందుకే సగటు పక్కన బాకీకి కూడా ఒక గడి పెట్టమంటాను. ఆ గడిలో భాగహారమే ఉండదు. ప్రతి మార్కులోంచి 120 తీసేసి, వచ్చింది కలుపుకుంటూ పోవడమే. ఏడు టెస్టుల తర్వాత −56. 128 వచ్చింది, +8, కాబట్టి −48. 105 వచ్చింది, −15, కాబట్టి −63. 123 వచ్చింది, +3, కాబట్టి −60.

ఇప్పుడు ఇక్కడ కాసేపు ఆగి చూడండి. ఎనిమిదో టెస్టు తర్వాత సగటు 114, పదో టెస్టు తర్వాతా 114. సగటు గడి మాత్రమే చూస్తే ఏమీ మారలేదు. కానీ బాకీ 48 నుంచి 60కి పెరిగింది, మిగిలిన టెస్టులు ఏడు నుంచి ఐదుకి తగ్గాయి. 60ని ఐదుతో భాగిస్తే 12. ఇక ప్రతి టెస్టులో 132 కావాలి.

ఇంకో సంగతి. పదో టెస్టులో వచ్చిన 123 టార్గెట్ కంటే ఎక్కువే, బాకీని మూడు తగ్గించింది కూడా. అయినా కావలసిన మార్కు 130.5 నుంచి 132కి పెరిగింది. ఎందుకంటే ఆ టెస్టుకి ముందు కావలసింది 130.5, వచ్చింది 123. మార్కును 120తో కాదు, ఆ రోజుకి కావలసిన మార్కుతో పోల్చాలి. అందుకే కావలసిన మార్కుకీ ఒక గడి పెట్టమంటాను, పట్టికలో నేను ముందు చూసేది ఆ గడినే.

ఒక్కో టెస్టులో 120 మీద గరిష్ఠంగా 40 మార్కులే దొరుకుతాయి. కాబట్టి బాకీ, మిగిలిన టెస్టుల సంఖ్యను 40తో హెచ్చించినదాన్ని దాటితే ఆ టార్గెట్ ఇక రాదు. నిజానికి అంతకంటే ముందే తెలిసిపోతుంది. కావలసింది 132 అయి, ఇప్పటిదాకా వచ్చిన అత్యధిక మార్కు 128 అయితే, టార్గెట్ మార్చుకోవాలి, లేదా ఏ సబ్జెక్టులో ఆ నాలుగు మార్కులు దొరుకుతాయో కూర్చుని వెతకాలి.

అపోహ: పాయింట్ తర్వాత అంకెలు ఎందుకు, ప్రతిసారీ రౌండ్ చేసేస్తే పోలా?

చూపించడానికి రౌండ్ చేయొచ్చు, కొనసాగించడానికి కాదు. పది టెస్టులకు సగటు 114 ఉంది కదా. తర్వాత ఐదింట్లో 118, 119, 120, 120, 121 వచ్చాయనుకుందాం. 118కి తేడా 4, పదకొండుతో భాగిస్తే 0.36, రౌండ్ చేస్తే సున్నా. సగటు 114 దగ్గరే ఉండిపోయింది. 119కి 5 ÷ 12 = 0.42, మళ్లీ సున్నా. చివరిదాకా ఇంతే. 15 టెస్టులు పూర్తయ్యాక కూడా పుస్తకంలో 114. నిజమైన సగటు 115.87. ఐదు టెస్టుల్లో వరసగా మెరుగుపడినా పట్టిక గమనించనే లేదు. సగటు గడి కొన్ని వారాలుగా కదలకుండా ఉంటే ముందు అనుమానించాల్సింది రౌండింగ్‌నే. రెండు దశాంశాలు ఉంచితే ఇన్ని టెస్టులకు తేడా కనబడదు. బాకీ గడిలో అసలు ఈ బాధే లేదు, అన్నీ పూర్ణాంకాలే.

అపోహ: జ్వరంతో రాయని టెస్టుకి సున్నా వేసుకోవాలి.

వద్దు. టెస్టుల సంఖ్య పెంచకుండా ఆ వరస వదిలేయండి. మొత్తం కూడా 15 నుంచి 14 అవుతుంది. అలాగే 300కి జరిగే జేఈఈ మెయిన్ మాక్ టెస్టుని ఈ పట్టికలో కలపకండి, దానికి వేరే పేజీ పెట్టండి.

అపోహ: కీ మారి పాత మార్కు మారితే లెక్కంతా మొదటికొస్తుంది.

పదో టెస్టు కీ సవరించి 123ని 125 చేశారనుకోండి. పెరిగిన రెండు మార్కుల్ని ఇప్పటిదాకా అయిన టెస్టులతో భాగించి సగటుకి కలపండి: 2 ÷ 10 = 0.2, సగటు 114.2. బాకీ 60 నుంచి 58 అయింది, ఇక కావలసింది 131.6.