రీడింగ్ 30 దాటకపోతే మత్తు లేనట్టేనా? అపోహలు - వాస్తవాలు

ఫోరెన్సిక్ మెడిసిన్ వైద్యుడిగా, రోడ్డు ప్రమాదాల తర్వాత ఆసుపత్రికి తీసుకొచ్చే డ్రైవర్లను పరీక్షించి నివేదిక రాయడం నా పని. వారిలో కొందరు చాలా ధీమాగా చెప్పే మాట ఒకటుంది: "మెషీన్‌లో 30 దాటలేదండీ, నేను తాగినట్టు లెక్క కాదు." మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు మించితే నేరం కాబట్టి, ఆ మాట ఆ సెక్షన్ వరకే నిజం.

అపోహ: పరిమితి లోపల ఉంటే నడిపే సామర్థ్యం తగ్గదు.

శిక్ష ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించడానికి చట్టం ఒక గీత గీస్తుంది. అదే గీత స్వీడన్‌లో 20 దగ్గర, మన దేశంలో 30 దగ్గర, ఇంగ్లండ్‌లో 80 దగ్గర ఉంది. మూడు దేశాల మనుషుల మెదళ్లు మాత్రం వేర్వేరుగా పనిచేయవు. ప్రయోగశాల పరీక్షల్లో 20 దగ్గరే, కొందరిలో అంతకన్నా ముందే, మొదట దెబ్బతినేది నడకో మాటో కాదు, ఒకేసారి రెండు విషయాలపై దృష్టి నిలిపే శక్తి.

ఒక సందర్భం చెబుతాను. మోటార్‌సైకిల్‌పై వస్తూ, ఎడమ పక్క నుంచి రోడ్డెక్కుతున్న ఆటోను ఢీకొన్న ఒక యువకుడికి ప్రమాద స్థలంలోనే తీసిన రీడింగ్ 24. నా ముందు అతను ముక్కు కొనను వేలితో సరిగ్గా తాకాడు, గీత మీద తడబడకుండా నడిచాడు, అడిగిన ప్రతిదానికీ స్పష్టంగా బదులిచ్చాడు. ప్రమాదం ఎలా జరిగిందంటే మాత్రం "ముందున్న బస్సును చూస్తున్నాను డాక్టరుగారూ, ఆటో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు" అన్నాడు. తాగనివాళ్లకూ ఇలా జరగవచ్చు. అతని విషయంలో మద్యమే కారణమని నేను నివేదికలో రాయలేను, రాయలేదు కూడా. అయినా నేను పెట్టిన పరీక్షలన్నీ ఒక్కొక్క పనినే అడిగేవి. రోడ్డు అలా అడగదు: ముందున్న బస్సు, అద్దంలో కారు, పక్క సందు, వేగం అన్నీ ఒకేసారి చూసుకోవాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేక్ మీద కాలు పడటం పావు సెకను ఆలస్యమైతే నాలుగు మీటర్లు అదనం.

అపోహ: ఒక్క పెగ్గుకు ఏమవుతుంది?

లెక్క వేసి చూద్దాం. లార్జ్ పెగ్ అంటే 60 మిల్లీలీటర్లు. మన విస్కీ సాధారణంగా 42.8 శాతం కాబట్టి అందులో ఆల్కహాల్ సుమారు 20 గ్రాములు. 70 కిలోల పురుషుడు ఖాళీ కడుపుతో తాగితే రక్తంలో అది 40 పైచిలుకుకు చేరవచ్చు. కాలేయం గంటకు 15 చొప్పున తగ్గిస్తుందనుకుంటే, తాగిన గంటకు రీడింగ్ 28 వస్తుంది. అతను తనిఖీ దాటిపోతాడు, కానీ ఇంతకుముందు చెప్పిన 20 కన్నా పైనే ఉన్నాడు. అదే పెగ్గు 55 కిలోల స్త్రీ తాగితే గంట తర్వాత కూడా 50 దరిదాపుల్లో ఉండవచ్చు. భోజనం చేసి తాగితే శిఖరం తక్కువగా, ఆలస్యంగా వస్తుంది. అందుకే బార్ నుంచి అప్పుడే బయటికొచ్చినవారి రీడింగ్ ఇంకా పెరిగే దారిలో ఉండవచ్చు. ఇవన్నీ సగటు అంచనాలే, మనిషిని బట్టి మారతాయి. "నా బరువుకు ఇంత తాగొచ్చు" అని ఎవరైనా లెక్క చెప్పమంటే నేను చెప్పనిది అందుకే.

అపోహ: దిగిపోయిందో లేదో నాకు తెలుస్తుంది.

ఇది నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. మద్యం స్థాయి పెరుగుతున్నప్పుడు మత్తు బాగా తెలుస్తుంది. తగ్గుతున్నప్పుడు, రక్తంలో అంతే ఆల్కహాల్ ఉన్నా, మనిషికి తేరుకున్నట్టే అనిపిస్తుంది. అనుభూతి ముందు కోలుకుంటుంది, డ్రైవింగ్ సామర్థ్యం వెనకబడి ఉంటుంది. తాళాలు చేతికి తీసుకునేది సరిగ్గా ఆ సమయంలోనే. దానికి నిద్రలేమి తోడైతే లెక్క మారిపోతుంది: 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి పనితీరు, మద్యం చుక్క లేకుండానే, 50 మిల్లీగ్రాముల స్థాయికి దగ్గరగా పడిపోతుందని 1997లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. ఉదయం ఆరింటికి లేచి రాత్రి పదకొండున్నరకు పార్టీ నుంచి బయలుదేరేవారి 25ను పొద్దున్నే వచ్చిన 25తో సమానంగా చూడలేం.

అపోహ: కాఫీ, మజ్జిగ, నిమ్మరసం తాగితే సరిపోతుంది.

ఇవేవీ కాలేయం వేగాన్ని పెంచవు. కాఫీ నిద్రమత్తును కాస్త తగ్గిస్తుంది, ఆల్కహాల్‌ను కాదు.

అపోహ: 30 లోపు ఉంటే బీమా వాళ్లు ఏమీ అనలేరు.

పాలసీలో ఉండే మాట సాధారణంగా "మత్తు ప్రభావంలో" అన్నదే, 30 అన్న అంకె కాదు. శ్వాస పరీక్షే జరగని ఒక కారు ప్రమాదం కేసులో, ఇతర ఆధారాలతో మత్తు ప్రభావాన్ని బీమా సంస్థ నిరూపించవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. వైద్యుడు రాసే వాసన, కళ్లు, మాట తీరు వంటి పరిశీలనలు కూడా అలాంటి ఆధారాల్లోకే వస్తాయి.