వెల్వెట్ మడతలో వెలుగు అంచులకే ఎందుకు పడుతుంది?

సోఫా చేయించే ముందు త్రీడీ బొమ్మ చూసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. కానీ బొమ్మ వేసేవారికి మనం పంపే వివరం చాలాసార్లు ‘బాటిల్ గ్రీన్ వెల్వెట్, త్రీ సీటర్’ దగ్గరే ఆగిపోతుంది. తిరిగి వచ్చిన బొమ్మలో రంగు సరిగ్గానే ఉంటుంది, సోఫా మాత్రం ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. గుడ్డ పేరు చెప్పాం గానీ, ఆ గుడ్డ మీద వెలుగు ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గాలో, మడత ఎక్కడ పడాలో చెప్పలేదు. పేరు ఒక్కటే చూసి ఆ రెండూ ఊహించడం ఎవరికైనా కష్టమే.

విశాఖ ఎం.వి.పి. కాలనీలో తూర్పు బాల్కనీ ఉన్న ఒక హాలు అనుకుందాం. బాల్కనీ తలుపు 7 అడుగుల ఎత్తు, 8 అడుగుల వెడల్పు. పక్క గోడకు ఆనించి 7 అడుగుల సోఫా ఉంది. దాని దగ్గరి కొస తలుపుకు 3 అడుగుల దూరం, రెండో కొస 10 అడుగుల దూరం. సీటు ఎత్తు 18 అంగుళాలు, హ్యాండ్‌రెస్ట్ ఎత్తు 24.

ముందు వెలుగు సంగతి తేలాలి. మార్చి 21 ప్రాంతంలో, సూర్యుడు ఉదయించిన రెండు గంటలకు విశాఖలో ఎండ సుమారు 28 డిగ్రీల ఏటవాలులో వస్తుంది. తలుపు పైఅంచును దాటి వచ్చే కిరణం సీటు ఎత్తుకు దిగేసరికి దాదాపు 10 అడుగులు లోపలికి వెళ్తుంది, అంటే ఎండ సోఫా చివరిదాకా చేరుతుంది. తలుపు వైపున్న హ్యాండ్‌రెస్ట్ సీటు కంటే 6 అంగుళాలు ఎత్తు కాబట్టి దాని నీడ సీటు మీద 11 అంగుళాల మేర పడాలి. ఈ నీడ లేని బొమ్మలో సోఫా హాల్లో ఉన్నట్టు అనిపించదు, అతికించినట్టు ఉంటుంది. నున్నటి సాదా గుడ్డ అయితే తలుపుకు ఎదురుగా ఉన్న హ్యాండ్‌రెస్ట్ బయటి ముఖం, సీటు పైభాగం కంటే రెట్టింపుకు కొంచెం తక్కువ వెలుగులో ఉంటుంది.

మధ్యాహ్నం సూర్యుడు పడమరకు దాటాక తలుపులోంచి ఆకాశపు వెలుగు మాత్రమే వస్తుంది. దూరం మూడు రెట్లయితే వెలుగు తొమ్మిదో వంతు అవుతుందన్న లెక్క చిన్న బల్బుకు సరిపోతుంది గానీ, 8 అడుగుల తలుపుకు కాదు. ఇంత పెద్ద తలుపు దగ్గర, దానికి ఎదురుగా తిరిగి ఉన్న ముఖాలను పోల్చితే, 3 అడుగుల దగ్గరి వెలుగులో సుమారు నాలుగో వంతు 10 అడుగుల దగ్గర మిగులుతుంది. తెల్ల గోడలుంటే తేడా ఇంకా తగ్గుతుంది. సోఫా రెండో కొస చీకట్లో మునిగిపోయినా, మొత్తం ఒకే వెలుగులో ఉన్నా బొమ్మ తప్పే.

ఇప్పుడు ఈ వెలుగులో వెల్వెట్‌ను పెట్టి చూద్దాం. వెల్వెట్ అంటే నేత మీద నిలబడిన పొట్టి నూగు. సోఫా గుడ్డలో దాని ఎత్తు సాధారణంగా రెండు మిల్లీమీటర్ల అటూ ఇటూ. నేరుగా ఎదురుగా చూస్తే పోగుల కొసలు, వాటి మధ్య సందులు కనిపిస్తాయి. సందుల్లోకి వెళ్లిన వెలుగు చాలావరకు తిరిగి రాదు కాబట్టి ఆ భాగం ముదురుగా ఉంటుంది. గుడ్డ పక్కకు వంగిన చోట పోగుల ప్రక్కలు మన కంటికి తగులుతాయి, అవి వెలుగును మన వైపు తిప్పుతాయి. అందుకే వెల్వెట్ మడతలో ఉబ్బిన నడిమి భాగం ముదురు, దానికి రెండు పక్కలా వంగే చోట్లు లేత, మడత లోతు అన్నిటికంటే నలుపు. శాటిన్‌లో దీనికి తలకిందులు: అక్కడ ఉబ్బు మీదే మెరుపు గీత పడుతుంది. ప్లాస్టిక్‌లా కనిపించే వెల్వెట్ బొమ్మలను దగ్గరగా చూడండి, చాలావాటిలో ఉబ్బు మీద తెల్ల గీత ఉంటుంది. మొదట సరిచేయాల్సింది అదే.

రెండో విషయం నూగు వాలు. చేత్తో ఒక వైపు నిమిరితే నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే గరుగ్గా తగిలి రంగు ముదురుతుంది. సోఫాకు సాధారణంగా వీపు భాగంలో వాలు కిందికి, సీటు మీద ముందుకు ఉండేలా కోస్తారు. ఒక కుషన్ ముక్క తలకిందులుగా కోసి కుట్టేస్తే అదే థాన్‌లోని గుడ్డ అయినా వేరే షేడ్‌లా కనిపిస్తుంది. కాబట్టి బొమ్మలో అన్ని కుషన్లకూ వాలు ఒకటే ఉండాలి. మనిషి కూర్చుని లేచిన చోట మాత్రం అరచేతి వెడల్పులో లేత, ముదురు మచ్చలు, అంచులు కరిగిపోతూ ఉండాలి. త్రీడీ బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో `Sheen Weight` పెంచితే అంచుల లేతదనం వస్తుంది, వాలు మాత్రం దానికి తెలియదు. ఆ నిమిరిన మచ్చలను విడిగా మ్యాప్‌గా, అంటే ఎక్కడ లేతో ఎక్కడ ముదురో చూపే చిత్రంగా ఇవ్వాలి.

మడతలు ఎన్ని ఉండాలన్నది గుడ్డ కంటే కుట్టు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఫోమ్ మీద బిగించి స్టేపుల్ కొట్టిన గుడ్డకు కర్టెన్‌లా వేలాడే మడతలు రావు. లాగుడు కలిసే చోటే వస్తాయి: బటన్ చుట్టూ, హ్యాండ్‌రెస్ట్ సీటును కలిసే లోపలి మూలలో, సీటు నడుమ కుంగిన చోట. డైమండ్ బటన్ వర్క్‌లో మడత ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు నేరుగా వెళ్తుంది. వాటి నోళ్లు కిందికి తిరిగి ఉండేలా మడవడం మంచి పనితనం, లోపల దుమ్ము నిలవదు.

బూక్లే గుడ్డ దగ్గర కథ మారుతుంది. ఉంగరాలు తిరిగిన నూలు కావడంతో ఒక్కో ఉంగరం పక్కదాని మీద నీడ వేస్తుంది. వెలుగు వైపు నుంచి నీడ వైపుకు మార్పు మెల్లగా, చదునుగా సాగుతుంది. పున్నమి చంద్రుడు బంతిలా కాక పళ్లెంలా కనిపించడానికీ ఇలాంటి గరుకుదనమే కారణం. ఈ లెక్కను ఓరెన్, నాయర్ అనే పరిశోధకులు 1994లో సూత్రంగా ఇచ్చారు. మందపు గుడ్డ కాబట్టి సన్న ముడతలు ఉండవు, గుండ్రటి వెడల్పాటి వంపులే. కుట్లు ఉంగరాల్లో సగం మునిగిపోతాయి, సోఫా అంచు గీత గీసినట్టు కాక నూగునూగుగా ఉంటుంది.

బూక్లేలో ఎక్కువగా చెడేది కొలత. ఎనిమిది అడుగుల వెడల్పు దృశ్యాన్ని 2000 పిక్సెళ్లలో వేస్తే ఒక పిక్సెల్ సుమారు 1.2 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్ల ఉంగరానికి దక్కేది నాలుగు పిక్సెళ్లే. ఉంగరాలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టేంత పెద్దగా కనిపిస్తే సోఫా బొమ్మరిల్లు సామానులా చిన్నదైపోతుంది. ఇదే లెక్కన వెల్వెట్ నూగుకు రెండు పిక్సెళ్లు కూడా రావు, పోగులు గీయాల్సిన పనే లేదు.

లెదర్ మెరుపు మనం నిలబడిన చోటును బట్టి కదులుతుంది, అది లెదర్ రంగులో కాక తలుపు వెలుగు రంగులో ఉంటుంది. తేనె రంగు లెదర్ మీద తేనె రంగు మెరుపు వేస్తే లోహంలా కనిపిస్తుంది. నేరుగా చూసినప్పుడు పైపొర తిప్పి పంపేది సుమారు 4 శాతమే, బాగా ఏటవాలుగా చూస్తే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే సీటు అవతలి అంచు మెరుస్తూ, ఎదురుగా ఉన్న ముఖం నిండు రంగులో ఉంటుంది. ముడతలు కూర్చునే చోట సన్నగా, గుంపుగా, సీటు ముందు అంచుకు దాదాపు సమాంతరంగా పడతాయి. ఒక్కో ముడత పక్కన మెరుపు విరిగి సన్న గీతగా మారుతుంది. చర్మం గింజ, అంటే పైన కనిపించే సన్నటి గీతల అల్లిక, జంతువు వీపు భాగంలో బిగువుగా, పొట్ట భాగంలో వదులుగా ఉంటుంది. అంతటా ఒకే గింజ తిరిగి తిరిగి వస్తే చూసేవారు దాన్ని రెగ్జిన్ అనుకుంటారు.

ఇక బొమ్మ వేసేవారికి పంపే వివరం ఇలా ఉంటే చాలు: ‘ముదురు పచ్చ వెల్వెట్, నూగు వాలు వీపుకు కిందికి, సీటుకు ముందుకు. ఉబ్బులు ముదురు, వంపు అంచులు లేత, ఎక్కడా తెల్ల మెరుపు గీత వద్దు. గుడ్డ బిగువుగా ఉండాలి, మడతలు బటన్ల దగ్గర, లోపలి మూలల్లో మాత్రమే. ఎడమ నుంచి ఉదయపు ఎండ 28 డిగ్రీల్లో, సీటు మీద హ్యాండ్‌రెస్ట్ నీడ 11 అంగుళాలు.’ వచ్చిన బొమ్మను ఫోన్‌లో నలుపు తెలుపుకు మార్చి చూడండి. రంగు తీసేశాక కూడా అది వెల్వెట్ అని తెలిసిపోతే సోఫా పని మొదలుపెట్టమనవచ్చు.