ఇండక్షన్‌లో "అనుకుందాం" అంటే ఒప్పేసుకోవడం కాదు

P(n) అనే మాట 1 నుంచి మొదలుపెట్టి ప్రతి n కీ నిజమని చూపడానికి ఇండక్షన్‌లో రెండు పనులు చేస్తాం: P(1) నిజమని చూపడం బేస్ కేస్, P(k) నుంచి P(k+1) కి వెళ్లడం ఇండక్టివ్ స్టెప్. డిస్క్రీట్ మ్యాథ్స్ క్లాసులో ఈ స్లయిడ్ వేసిన ప్రతిసారీ ఒకే ప్రశ్న వస్తుంది. మొన్న ఒక అమ్మాయి ఆ స్లయిడ్ ప్రింటు తీసుకుని నా దగ్గరకొచ్చింది. "P(k) నిజమని అనుకుందాం" అన్న వాక్యం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. "సార్, నిరూపించాల్సింది ఇదే కదా? దీన్నే ముందు అనేసుకుంటే ఇక నిరూపించడానికేముంది?" అంది. ఎవర్నడిగినా "అది పద్ధతి, అలాగే రాయి" అన్నారట. అలా చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ అమ్మాయి అనుమానంలో న్యాయముంది.

అపోహ: ఇండక్టివ్ స్టెప్‌లో నిరూపించాల్సినదాన్నే ముందు ఒప్పేసుకుంటాం.

కాదు. అక్కడ నిరూపించేది "P(k) నిజమైతే P(k+1) కూడా నిజం" అన్న లింకును మాత్రమే. P(k) నిజంగా నిజమా కాదా అన్నది ఆ స్టెప్‌కు సంబంధం లేని విషయం.

నమ్మకం కలగకపోతే ఇది చూడండి. P(n) అంటే n = n + 1 అనుకుందాం. k = k + 1 అయితే, రెండు వైపులా 1 కలిపితే k + 1 = k + 2 వస్తుంది. అదే P(k+1). స్టెప్‌లో ఒక్క తప్పు కూడా లేదు, కానీ P ఏ సంఖ్యకూ నిజం కాదు! అనుకున్నంత మాత్రాన ఏదీ నిజమైపోలేదు. బోర్డు మీద ఇది రాశాక ఆ అమ్మాయి చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత తనే అంది: "P(1) దగ్గరే పోయింది సార్, 1 = 2 అవదు కదా."

అపోహ: బేస్ కేస్ మార్కుల కోసం రాసే లాంఛనం.

పైన తప్పును పట్టుకున్నది బేస్ కేసే.

మరి బేస్ కేస్, స్టెప్ రెండూ కలిస్తే అన్ని సంఖ్యలకూ ఎలా సరిపోతుంది?

ఏదో ఒక ధన పూర్ణాంకానికి P తప్పిందనుకోండి. అలా తప్పినవాటిలో అన్నిటికంటే చిన్నది m. బేస్ కేస్ ఉంది కాబట్టి m అంటే 1 కాదు. కాబట్టి m − 1 కూడా ధన పూర్ణాంకమే. అది m కంటే చిన్నది కనుక దానికి P నిజం. ఇప్పుడు k = m − 1 పెట్టి స్టెప్ వాడితే m కి కూడా P నిజమవ్వాలి. తప్పిందన్నాం కదా, కుదరదు. అంటే తప్పే సంఖ్యే లేదు. "అన్నిటికంటే చిన్నది" కచ్చితంగా ఉంటుందన్న హామీ మీదే ఇదంతా నిలబడింది. వాస్తవ సంఖ్యలకు ఆ హామీ లేదు, అందుకే అక్కడ ఈ పద్ధతి ఇలాగే పనిచేయదు.

అపోహ: చాలా సంఖ్యలకు సరిచూస్తే చాలు.

n² + n + 41 లో n = 0 నుంచి 39 వరకు ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 పెడితే 1681, అంటే 41 × 41.