మోడల్ మీద దిగిన క్యాప్ నోట్లో ఎందుకు దిగలేదు?

కింది దవడ ఎడమవైపు దవడ పన్ను. నికెల్ క్రోమ్ లోహం మీద సిరామిక్ వేసిన మామూలు క్యాప్. హనుమకొండలోని మా చిన్న ల్యాబ్‌లో మోడల్ మీద పెట్టి చూస్తే అతికించినట్టు కూర్చుంది. మర్నాడు క్లినిక్ నుంచి డాక్టరుగారి ఫోన్: "అన్నా, క్యాప్ పూర్తిగా దిగుతలేదు, అంచు దగ్గర ఖాళీ కనిపిస్తోంది. పక్క పళ్లకు ఏమన్నా పట్టుకుందేమోనని దారం వేసి చూసిన, అక్కడ ఫ్రీగానే ఉంది."

ఇలాంటి ఫోన్ వస్తే మొదట ఒకటే ప్రశ్న వేసుకుంటాను, క్యాప్ డై మీద కూర్చుందా లేదా? (డై అంటే అరగదీసిన పంటికి స్టోన్ అనే జిప్సం పొడితో చేసిన నకలు.) డై మీదే దిగకపోతే తప్పు క్యాప్ ఆకారం చెక్కిన మైనంలోనో, లోహం పోసిన పోతలోనో ఉంది. డై మీద హాయిగా కూర్చుని పంటి మీద కూర్చోకపోతే మాత్రం డై, పన్ను ఒకేలా లేవన్నమాట. అప్పుడు అనుమానం నోట్లో పంటికి తీసిన అచ్చు, అంటే ఇంప్రెషన్ మీదికో, అందులో పోసిన స్టోన్ మీదికో పోతుంది. ఆ రోజు డై అంచుని గోటితో గీకి చూశాను, పొడి రాలింది. మంచి డై స్టోన్ గోటికి లొంగదు. మా కుర్రాణ్ని పిలిచి "తమ్మీ, దీనికి నీళ్లెంత పోసినవ్?" అని అడిగితే "కలిపేటందుకు ఎంత కావాల్నో అంత పోసిన అన్నా" అన్నాడు. అలాగే మళ్లీ కలపమని, పొడిని, నీళ్లని తూచాను. 100 గ్రాముల పొడికి 33 మిల్లీలీటర్లు పోశాడు. ఆ పొడికి పోయాల్సింది 22.

11 మిల్లీలీటర్లకే అంత గొడవేంటని అనిపించొచ్చు. దానికి జిప్సం సంగతి కొంచెం తెలియాలి.

ఇంటి సీలింగ్‌కి వాడే పీఓపీ, పళ్ల డాక్టరు దగ్గర తెల్ల ప్లాస్టర్, మా ల్యాబ్‌లో ఖరీదైన డై స్టోన్, రసాయనంగా మూడూ ఒక్కటే. గనిలో దొరికే జిప్సంలో నీటి అణువులు బంధించి ఉంటాయి. దాన్ని సుమారు 110 నుంచి 130 డిగ్రీల దాకా వేడి చేస్తే ఆ నీటిలో ముప్పావు వంతు పోయి పొడి మిగులుతుంది. ఆ పొడికి మళ్లీ నీళ్లిస్తే పోయిన నీటిని తిరిగి తీసుకుని జిప్సంగా గట్టిపడుతుంది. అసలు తేడా ఎలా వేడి చేశారన్న దాంట్లో ఉంది. తెరిచిన పాత్రలో వేయిస్తే నీరు ఆవిరై తన్నుకుంటూ బయటికి వస్తుంది, రేణువులు వంకరటింకరగా, బొరియలతో మిగులుతాయి. అది ప్లాస్టర్. ప్రెషర్ కుక్కర్‌లాంటి పాత్రలో ఆవిరి ఒత్తిడి కింద చేస్తే రేణువులు గట్టిగా, ఒక క్రమంలో వస్తాయి. అది స్టోన్. ఇంకా జాగ్రత్తగా, కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో మరిగించి చేస్తే వచ్చేవి మరీ దట్టంగా, నునుపుగా ఉంటాయి. అది డై స్టోన్.

బొరియలున్న రేణువు దూది లాంటిది, నీళ్లు ఎక్కువ తాగితే గానీ జారుగా కలవదు. నున్నటి రేణువుకు కొంచెం చాలు. రసాయన చర్యకు అసలు కావలసింది 100 గ్రాములకు 18.6 మిల్లీలీటర్లే, ఏ రకానికైనా అంతే. ప్లాస్టర్‌కి 50 పోస్తాం, అంటే 31 పైచిలుకు ఊరికే లోపల కూర్చుని తర్వాత ఆరిపోతాయి, అవి ఉన్న చోటల్లా ఖాళీలు. మామూలు స్టోన్‌కి 30 పోస్తే మిగిలేవి 11 పైచిలుకు. డై స్టోన్‌కి 22 పోస్తే మిగిలేది మూడున్నర కూడా ఉండదు. డై స్టోన్ గట్టిదనం అంతా ఆ ఖాళీలు లేకపోవడంలోనే ఉంది. మా కుర్రాడు 33 పోసేసరికి డై స్టోన్ ధర పెట్టి మామూలు స్టోన్ కంటే మెత్తటి దాన్ని తయారుచేశాడు. దాని మీద క్యాప్‌ను పదిసార్లు ఎక్కించి దింపేసరికి అంచు అరిగింది, అరిగిన డైకి సరిపోయేలా క్యాప్ తయారైంది. పంటి అంచు మాత్రం అరగలేదు కదా!

ఇంకో నష్టం కూడా జరిగింది, అది కంటికి కనిపించనిది. గట్టిపడేటప్పుడు జిప్సం పెరుగుతుంది. ఇది వింటే మొదట నాకూ వింతగానే అనిపించింది, ఎందుకంటే లెక్క వేస్తే పొడి, నీళ్లు కలిసి జిప్సంగా మారినప్పుడు మొత్తం ఘనపరిమాణం సుమారు 7 శాతం తగ్గాలి. తగ్గుతుంది కూడా. కానీ బయటి కొలత పెరుగుతుంది. కారణం స్ఫటికాలు. గింజ లాంటి కేంద్రాల చుట్టూ సూదుల్లా అన్ని వైపులకీ పొడుస్తూ పెరుగుతాయి, ఒక గుత్తి సూదులు ఇంకో గుత్తికి తగిలి ఒకదాన్నొకటి బయటికి నెడతాయి. బస్సులో జనం మోచేతులు చాపినట్టే, మనుషులు పెరగకపోయినా గుంపు ఉబ్బుతుంది, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. నీళ్లు ఎక్కువైతే గుత్తులు దూరం దూరంగా పడతాయి, తోపులాట తగ్గుతుంది, పెరుగుదల తగ్గుతుంది. నీళ్లు తక్కువైనా, గరిటెతో ఎక్కువసేపు గట్టిగా కలిపినా పెరుగుదల ఎక్కువవుతుంది, త్వరగా గట్టిపడుతుంది కూడా.

ఈ పెరుగుదల మంచిదా చెడ్డదా అంటే పనిని బట్టి. నికెల్ క్రోమ్ కరిగించి పోస్తే చల్లారేటప్పుడు 2.3 శాతం దాకా ముడుచుకుంటుంది, బంగారు మిశ్రమం ఒకటిన్నర శాతం దగ్గర. అలా ముడుచుకున్న మేరను పూడ్చే పని ప్రధానంగా పోత అచ్చు పదార్థానిది. కానీ డై కూడా పంటి కంటే కొంచెం పెద్దదిగా ఉంటే సాయం చేసినట్టే. పళ్ల పనికి వాడే జిప్సం మొత్తం ఐదు రకాలు, అందుకే వాటిలో చివరి రెండూ డై స్టోన్‌వే. నాలుగో రకం తక్కువ పెరుగుతుంది, 0.10 శాతం చుట్టూ, 0.15 దాటదు. ఐదో రకం కావాలని ఎక్కువ పెరిగేలా చేసినది, 0.16 నుంచి 0.30 దాకా. అరగదీసిన పన్ను 7 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకోండి, 0.10 శాతం అంటే డై 7 మైక్రాన్లు పెద్దది, 0.30 అంటే 21. తేడా 14 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో అయిదో వంతు దగ్గర. క్యాప్ అతికించే సిమెంటు పొర 25 మైక్రాన్ల లోపు ఉండాలని చూసేవాళ్లకు 14 చిన్నదేమీ కాదు.

ఖరీదు ఎక్కువ కాబట్టి ఐదో రకమే అన్నిటికీ మంచిదని కొందరు అనుకుంటారు, నేను ఒప్పుకోను. క్యాప్ పంటిని బయటి నుంచి కప్పుతుంది, డై పెద్దదైతే క్యాప్ కాస్త వదులుగా వస్తుంది. ఇన్‌లే అయితే పంటి లోపలి గుంతలో దిగాలి. డైలో గుంత పెద్దదైతే దానికి తగ్గట్టు ఇన్‌లే కూడా పెద్దదై, నోట్లో గుంతలోకి దిగక బిగుసుకుంటుంది. అలాగే పెద్ద బ్రిడ్జి. రెండు వైపుల దవడ పళ్ల మధ్య 50 మిల్లీమీటర్లు ఉంటే 0.30 శాతానికి 150 మైక్రాన్లు పక్కకు జరుగుతాయి. ఇంప్లాంట్ల మీద కూర్చునే బ్రిడ్జికైతే అది భరించలేనిది, పన్ను కాస్తయినా కదులుతుంది, ఇంప్లాంట్ ఎముకకు అతుక్కుని ఉంటుంది. అక్కడ నాలుగో రకమే.

మిగతా రకాల సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదటి రకం ఒకప్పుడు నోట్లోనే ఇంప్రెషన్‌కి పెట్టేవాళ్లు, ఇప్పుడు అరుదు. రెండో రకం తెల్ల ప్లాస్టర్, చూపించడానికి, రికార్డుకి ఉంచే మోడళ్లకు సరిపోతుంది. పూర్తి కట్టుడు పళ్లకు మూడో రకం స్టోన్. ఇంకా గట్టిదైన డై స్టోన్ ఎందుకు వాడరని అడిగితే, యాక్రిలిక్ ఉడికాక మోడల్‌ని పగలగొట్టి సెట్టు బయటికి తీయాలి, స్టోన్ మరీ గట్టిదైతే దానితోపాటు సెట్టూ విరుగుతుంది. మోడళ్లను దవడల కదలికను చూపే ఆర్టిక్యులేటర్ అనే పరికరానికి బిగించేటప్పుడు మాత్రం తక్కువ పెరిగే ప్లాస్టర్ అడిగి తెచ్చుకోండి. 30 మిల్లీమీటర్ల మందం ప్లాస్టర్ 0.30 శాతం పెరిగితే 90 మైక్రాన్లు పైకి లేస్తుంది, 0.05 అయితే 15. "కొత్త పన్ను ఎత్తుగా తగుల్తోంది" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే పుడతాయి. రంగు చూసి రకం తేల్చకండి, ఆకుపచ్చ, గులాబీ, పసుపు అన్నీ కంపెనీ ఇష్టం. సంచీ మీద రాసిన రకం, నీళ్ల కొలత చూడాలి.

ఒక అలవాటు గురించి విడిగా చెప్పాలి. మన దగ్గర మేస్త్రీ సిమెంటు గోడకు రెండు పూటలా నీళ్లు కొడతాడు, అది చూసి పెరిగినవాళ్లు మోడల్ కూడా సెట్ అవుతుండగానే నీళ్లలో పడేస్తారు, ఇంకా గట్టిపడుతుందని. జిప్సంకి ఇది చెరుపు. గట్టిపడుతూ పైన తడి మెరుపు తగ్గుతున్న సమయంలో బయటి నుంచి నీళ్లు అందితే సూదులు ఇంకా స్వేచ్ఛగా పెరిగి పెరుగుదల సుమారు రెండింతలవుతుంది. గట్టిపడ్డాక నానబెట్టినా ఉపరితలం కొంచెం కొంచెంగా కరిగిపోతుంది, జిప్సం నీటిలో కరిగేదే. తడపక తప్పదంటే పాత మోడల్ ముక్కలు వేసి నిలవ ఉంచిన నీళ్లలో తడపాలి, అందులో అప్పటికే కరగాల్సింది కరిగి ఉంటుంది.

ఇక ఆ క్యాప్. అదృష్టం కొద్దీ ఇంప్రెషన్ అడిషన్ సిలికాన్‌తో తీసింది, మళ్లీ పోయొచ్చు. ఆల్జినేట్ అయితే ఆ అవకాశం లేదు, అది పది నిమిషాల్లోనే పోయాలి, లేకపోతే ఎండి ముడుచుకుంటుంది. 100 గ్రాముల ఐదో రకం పొడికి 22 మిల్లీలీటర్లు, ముందు నీళ్లు గిన్నెలో పోసి వాటి మీద పొడి చల్లి, నానాక కలిపి, వైబ్రేటర్ మీద ఒక పక్క నుంచి కొంచెం కొంచెంగా పారించాను. గంట తర్వాత తీశాను. పాత క్యాప్‌ను కొత్త డై మీద పెడితే నోట్లో ఆగిన చోటే ఆగింది. కుర్రాడికి అది చూపించాక నేనేం చెప్పాల్సిన పని లేకపోయింది. కొత్త క్యాప్ చేసి పంపితే దిగింది.

ఆ తర్వాత తూకం, సిరంజి బల్ల మీదే పెట్టాం. వానాకాలంలో మాత్రం ఇంకో పరీక్ష అదనం. ముసురు పట్టినప్పుడు మూత సరిగ్గా లేని డబ్బాలో పొడి గాలిలోని తేమ పీల్చుకుంటుంది. మొదట్లో అలా ఏర్పడిన చిన్న జిప్సం గింజలే కేంద్రాలై త్వరగా గట్టిపడేలా చేస్తాయి, తేమ ఇంకా ఎక్కితే రేణువుల పైన పొర కట్టి నెమ్మదిస్తుంది. అందుకే పొద్దున కొంచెం కలిపి గడియారం చూస్తాం. ఎప్పుడూ తొమ్మిది నిమిషాలకు మెరుపు పోయేది అయిదుకే పోయినా, పదిహేనైనా పోకపోయినా, ఆ డబ్బాను డైకి వాడం, మోడళ్ల కింద బేస్‌లు పోయడానికి పక్కన పెడతాం.