మొక్కజొన్న, సున్నం, పెల్లాగ్రా: పట్టికలో ఉన్న నియాసిన్ ఒంటికి ఎందుకు పట్టదు?

చెన్నైలో గోధుమ మానేసి మొక్కజొన్న పిండికి మారిన తెలుగు ఇళ్లలో ఒక పాత వాదన మళ్లీ లేచింది. గింజల్ని మెక్సికోవాళ్లలా సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, ఆ తర్వాతే రుబ్బుకోవాలని, లేకపోతే నియాసిన్ అనే బి విటమిన్ లోపంతో పెల్లాగ్రా జబ్బు వస్తుందని ఒక పక్షం అంటోంది. రెండో పక్షం ఆహార విలువల పట్టిక తెరిచి చూపిస్తోంది. వంద గ్రాముల మొక్కజొన్నలో నియాసిన్ రెండు, మూడు మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. మర పట్టిన తెల్లబియ్యంలో అంతకంటే తక్కువ. బియ్యం తినేవాళ్లకు రాని జబ్బు మొక్కజొన్న తినేవాళ్లకు ఎందుకు రావాలి, సున్నం ఉత్త ఆచారమే కదా అన్నది వీళ్ల ప్రశ్న.

ప్రశ్న సరైనదే. దీన్ని మొదట గట్టిగా ముందుకు తెచ్చినవాళ్లు చెన్నై ఉన్న రాష్ట్రంలోనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని కూనూరులో పనిచేశారు.

ఈ జబ్బు మీద స్పెయిన్‌లో కసాల్ అనే వైద్యుడి వర్ణన, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు చేసిన ప్రయోగాలు చాలామంది చదివినవే. ఎండ తగిలే చోటల్లా రెండు వైపులా ఒకేలా నల్లబడి పగిలే చర్మం, విరేచనాలు, మతి చెదరడం పెల్లాగ్రా లక్షణాలు. 1937లో విస్కాన్సిన్‌లో ఎల్వెహమ్ బృందం కుక్కలకు వచ్చే ఇలాంటి జబ్బును నికోటినిక్ ఆమ్లంతో నయం చేసింది. దాన్నే ఇప్పుడు నియాసిన్ అంటున్నాం. ఆ మందు మనుషులకూ పనిచేయడంతో కథ ముగిసిందనుకున్నారు.

నిజానికి చిక్కుముడి అప్పుడే మొదలైంది. 1940లో కూనూరు పోషకాహార పరిశోధనశాలలో ఎయ్‌క్రాయిడ్, ఎం. స్వామినాథన్ (హరిత విప్లవపు స్వామినాథన్ కాదు, వేరొకరు) ధాన్యాల్లో నికోటినిక్ ఆమ్లాన్ని కొలిచారు. పెల్లాగ్రాకు పేరుపడ్డ మొక్కజొన్నలో అది తక్కువగా ఉండాలి. కానీ తెల్లబియ్యం కంటే ఎక్కువే తేలింది. లోపం వల్ల వచ్చే జబ్బు, ఆ లోపం లేనట్టు కనిపించే గింజ తినేవాళ్లకే వస్తోంది. నేటి వాదనంతా ఈ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతోంది కాబట్టి, ఈ చరిత్రలో అసలు మలుపు 1937 కాదు, 1940 అనే చెప్పాలి.

జవాబు రెండు ముక్కలుగా వచ్చింది. మొదటి ముక్క 1945లో క్రెల్, ఎల్వెహమ్ తదితరుల ఎలుకల ప్రయోగాల నుంచి. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరం తనే నియాసిన్ తయారు చేసుకోగలదు. లెక్కలకు 60 మి.గ్రా. ట్రిప్టోఫాన్‌ను 1 మి.గ్రా. నియాసిన్‌కు సమానంగా తీసుకుంటారు. పాలలో నియాసిన్ దాదాపు లేకపోయినా పాలు పెల్లాగ్రాను ఎలా ఆపుతాయో దీంతో అర్థమైంది. మొక్కజొన్న మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం జీన్ అనే రకం. అందులో ట్రిప్టోఫాన్ లేనట్టే. వంద గ్రాముల గింజల్లో మొత్తం మీద 50, 60 మి.గ్రా. దొరికితే గొప్ప. బియ్యంలో 80 నుంచి 100 దాకా ఉంటుంది.

రెండో ముక్క సున్నానికి సంబంధించినది. ముదిరి ఎండిన మొక్కజొన్నలో నియాసిన్ చాలావరకు విడిగా ఉండదు. పై పొట్టుకు కిందనే ఉండే అల్యూరోన్ పొరలో చక్కెర అణువుల గొలుసులకు ఎస్టర్ బంధంతో అతుక్కుని ఉంటుంది. ఆ బంధాన్ని మన జీర్ణరసాలు చాలా కొద్దిగా మాత్రమే తెంపగలవు. ఉత్త నీళ్లలో ఎంతసేపు ఉడికించినా అది పెద్దగా ఊడదు. 1951లో లగూనా, కార్పెంటర్ ఎలుకల మీద చూపించారు: నియాసిన్ తక్కువైన ఆహారంలో పచ్చి మొక్కజొన్న పిండి తిన్నవాటికంటే సున్నంతో వండిన మొక్కజొన్న తిన్నవి బాగా పెరిగాయి. తర్వాత కోడిచెక్ బృందం పందుల మీద సున్నపు నీటితో చేసిన టోర్టిల్లాలతో ఇదే మాట నిర్ధారించింది.

మరి పట్టికలో అంకె ఎందుకు పెద్దదిగా కనిపిస్తుంది? ప్రయోగశాలలో నియాసిన్ కొలిచే ముందు నమూనాను గాఢమైన ఆమ్లంలోనో క్షారంలోనో వేడి చేస్తారు. అప్పుడు కట్టుబడి ఉన్నదంతా ఊడి లెక్కలోకి వస్తుంది. పట్టిక చెప్పేది గింజలో ఉన్న మొత్తం. పేగు ఎంత తీసుకోగలదన్నది అందులో లేదు. పట్టిక చూపించే పక్షం తప్పు అంకె చూపించడం లేదు, ఆ అంకెకు లేని అర్థం చెబుతోంది.

ఒక లెక్క వేసి చూద్దాం. పెద్ద మనిషి రోజంతా మొక్కజొన్న మీదే, 500 గ్రాములు తిన్నాడనుకోండి. ట్రిప్టోఫాన్ సుమారు 275 మి.గ్రా., అంటే నాలుగున్నర మి.గ్రా. నియాసిన్‌కు సమానం. గింజలోని మొత్తం నియాసిన్ 12 మి.గ్రా. అనుకున్నా, పదో వంతు మాత్రమే దక్కితే ఒకటికి కాస్త పైన. రెండూ కలిపి ఆరు మి.గ్రా. లోపే. మగవారి అవసరం 14 నుంచి 16 మి.గ్రా. అదే గింజను సున్నంతో ఉడికించి, కడుగునీటిలో పోయేది తీసేసినా తొమ్మిది, పది మి.గ్రా. నియాసిన్ అందుబాటులోకి వస్తుంది. మొత్తం 14 దగ్గరికి చేరుతుంది. సున్నం ట్రిప్టోఫాన్‌ను పెంచదు. అందుకే ఇది ఒడ్డున పడేసే లెక్కే గాని మిగులు లెక్క కాదు. మెక్సికోవాళ్లు దాంతోపాటు చిక్కుళ్లూ తింటారని మరచిపోకూడదు.

ఇదే లెక్క తిరగబడితే ఏమవుతుందో 1990లో మలావీలో కనిపించింది. మొజాంబిక్ నుంచి వచ్చిన శరణార్థులకు సరఫరాలో ముఖ్యం మొక్కజొన్న. నియాసిన్ ప్రధానంగా వేరుసెనగ నుంచి అందేది. ఆ పంపిణీ ఆగిపోయింది. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా సుమారు 18 వేల పెల్లాగ్రా కేసులు నమోదయ్యాయి. రోజుకు 50 గ్రాముల వేరుసెనగ పప్పులు దాదాపు ఎనిమిది మి.గ్రా. నియాసిన్‌కు సమానం. ఆ గుప్పెడు పప్పులు పోయినప్పుడు పైలెక్కలో చూసినలాంటి లోటే మిగిలింది.

మన వైపు కథ కొంచెం వేరు. తెలంగాణ, దక్కన్‌లో పెల్లాగ్రా కనిపించింది జొన్న తినే పేదల్లో. జొన్నలో ట్రిప్టోఫాన్ మరీ తక్కువేమీ కాదు. 1960లో గోపాలన్, శ్రీకాంతయ్య ఇందుకు జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కారణమని ప్రతిపాదించారు. తర్వాతి ప్రయోగాలన్నీ దాన్ని ఒకేలా సమర్థించలేదు, చర్చ మిగిలిపోయింది. కానీ జొన్న సంగతి చూపించి మొక్కజొన్నలో సున్నం పాత్ర లేదనడం కుదరదు.

ఇక వంటింటికి వద్దాం. ఒక కిలో ఎండు మొక్కజొన్న గింజలకు మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల పొడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ కావాలి. ఆహారానికి పనికొచ్చేదాని పొట్లం మీద INS 526 అని ఉంటుంది. తాంబూలపు సున్నం ముద్దలో సగం దాకా నీళ్లే కాబట్టి 20 గ్రాములు పడుతుంది. రంగు, వాసన కలిపినది పనికిరాదు. గోడలకు కొట్టే సున్నంలో సీసం వంటి మలినాలు ఉండొచ్చు, దాని జోలికి పోకూడదు. పాత్ర స్టీలుది. అల్యూమినియాన్ని క్షారం తినేస్తుంది, పాత్ర నల్లబడి ఆ లోహం తిండిలోకి వస్తుంది. సున్నం కలిపిన నీళ్లు మరిగేముందు గింజలు వేసి, కుతకుతలాడకుండా సన్నని మంట మీద 40 నిమిషాల దాకా ఉంచి, దించి, మూతపెట్టి రాత్రంతా వదిలేయాలి.

పొద్దున రెండు వేళ్ల మధ్య నలిపితే పై పొర జారిపోవాలి. గింజను అడ్డంగా కోస్తే లోపల చిన్న తెల్లటి చుక్క మాత్రమే పొడిగా మిగలాలి. అది బాగా పెద్దదిగా ఉంటే రుబ్బినప్పుడు పిండి ఇసుకలా వస్తుంది. అసలు లేకపోతే గింజ ఎక్కువ ఉడికిందన్నమాట, ముద్ద చేతికి అంటుకుంటుంది. నీళ్లు వంపి రెండు మూడుసార్లు కడిగి గ్రైండర్‌లో వీలైనంత తక్కువ నీళ్లతో రుబ్బుకోవాలి. దోసెల పిండిలా జారుగా చేస్తే రొట్టె నిలవదు.

పొట్టు ఊడలేదంటే ముందు సున్నాన్నే అనుమానించాలి. మూత తెరిచి ఉంచిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి సుద్దగా మారిపోతుంది. సుద్దకు ఆ బలం లేదు. నానబెట్టిన నీళ్ల చుక్కను పసుపు మీద వేసి చూడండి, పారాణి రంగులోకి ముదురుగా తిరిగితే సున్నం బతికే ఉంది. కడుగుళ్లకూ ఇదే పరీక్ష. ఆఖరి నీటిలో పసుపు కొద్దిగా మాత్రమే ఎర్రబడితే చాలు. ఇంకా ముదురుగా మారుతుంటే పిండి చేదుగా, సబ్బు రుచితో వస్తుంది.

సున్నపు తేటతో సరిపెట్టుకోవడం కూడా మామూలు పొరపాటు. లీటరు నీళ్లలో సున్నం రెండు గ్రాములకు లోపే కరుగుతుంది. మూడు లీటర్ల తేటలో ఉండేది ఐదు గ్రాములే. గింజల పొట్టు దాన్ని వాడేసుకున్నాక మళ్లీ కరగడానికి అడుగున సున్నం ఉండదు. వంటసోడా అంతకంటే బలహీనం. దాని నీళ్ల పీహెచ్ ఎనిమిదికి కాస్త పైన, సున్నపు నీళ్లది పన్నెండు పైన. రొట్టె పిండిలో చిటికెడు సోడా కలిపితే నియాసిన్ ఊడుతుందన్న మాట నమ్మొద్దు.

దుకాణంలో కొన్న మొక్కజొన్న రవ్వకు ఈ పని తర్వాత చేయాలనుకోవడమూ వృథా. రవ్వ ఆడేటప్పుడు పొట్టు, మొలక తీసేస్తారు, వాటితో అల్యూరోన్ పొర కూడా చాలావరకు పోతుంది. విడదీయడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగలదు. బేకరీ సామాను దగ్గర కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మేది ఉత్త పిండిపదార్థం, దాన్ని ఈ లెక్కలోకే తేకూడదు.

వారానికి రెండుసార్లు మక్క రొట్టె, మిగతా రోజుల్లో అన్నం, పప్పు, పెరుగు తినే ఇంటికి ఈ శ్రమ అవసరం లేదు. పట్టిక చూపించే పక్షం ఇక్కడ నెగ్గుతుంది. చెన్నైలాంటి నగరాల్లో ఇప్పుడు పెల్లాగ్రా ఎక్కువగా అనుమానించాల్సింది మద్యానికి బానిసై తిండి మానేసినవాళ్లలోనూ, క్షయకు ఐసోనియాజిడ్ వాడుతూ తిండి చాలనివాళ్లలోనూ. మెడ చుట్టూ, చేతుల వెనక ఆ నల్ల పొర కనిపిస్తే సున్నంతో చేసిన రొట్టెలు మందు కావు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి. ఆస్పత్రిలో నికోటినమైడ్ రోజుకు 300 మి.గ్రా. చొప్పున మూడు, నాలుగు వారాలు ఇస్తారు, మిగతా బి విటమిన్లూ కలుపుతారు.