ఇంకో రెండు సీజన్లు చేయమన్న రివ్యూయర్‌కి జవాబు ఎలా రాయాలి? అపోహలు - వాస్తవాలు

మే నెలలో ఒక రాత్రి పదింటికి ఫోన్ మోగింది. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న విజయవాడ అమ్మాయి. గొంతు పూడుకుపోయింది. "మేడమ్, జర్నల్ నుంచి రివ్యూలు వచ్చాయి. రెండో రివ్యూయర్ ఇంకో రెండు సీజన్లు చేయమన్నారు, ఎల్‌సీ-ఎంఎస్ చేయమన్నారు, పన్నెండు నెలల నిల్వ పరీక్ష కూడా చేయమన్నారు. నా పేపర్ పోయింది మేడమ్." పోలేదమ్మా, రేపు ఆ ఉత్తరం ప్రింట్ తీసుకుని గుంటూరు రా అన్నాను.

ఇలాంటి ఫోన్లు నాకు ఏటా వస్తాయి. రివ్యూయర్ కటువుగా రాస్తే పిల్లలు భయపడతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, మూడేళ్ల కష్టం అది. ఆ భయానికి తోడు హాస్టల్లోనో ల్యాబ్‌లోనో ఎవరో ఒకరు చెప్పే మాటలు వాళ్లను ఇంకా ముంచుతాయి. ఆ మాటల మీదే నాకు కోపం.

అపోహ: రివ్యూయర్ అడిగిన ప్రయోగాలన్నీ చేయాలి, లేకపోతే పేపర్ వెనక్కి తీసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఈ మాట నమ్మి మంచి డేటాను అటకెక్కించిన వాళ్లను చూశాను.

రివ్యూయర్ ఒక ప్రయోగం అడిగారంటే, దాని వెనక ఒక అనుమానం ఉంటుంది. మీ పేపర్లోని ఏదో ఒక వాక్యం ఆయనకు నమ్మశక్యంగా లేదు. మీరు జవాబు చెప్పాల్సింది ఆ అనుమానానికి. అది తీరడానికి మూడు దారులున్నాయి. ప్రయోగం చేయడం ఒకటి. ఉన్న డేటాను మళ్లీ సరిగ్గా విశ్లేషించడం రెండోది. ఆ వాక్యాన్నే మీ డేటా మోయగలిగినంతకు కుదించడం మూడోది. ఏ కామెంట్‌కి ఏ దారి సరిపోతుందో తేల్చుకోవడమే అసలు పని.

మా అమ్మాయి పేపర్‌నే చూద్దాం. ఎండు మిర్చి గురించి. కోసిన పచ్చి సరుకును కల్లంలో ఎండబెడితే రంగు ఎంత నిలుస్తుంది, సోలార్ డ్రయ్యర్‌లో ఎండబెడితే ఎంత నిలుస్తుంది అన్నది ప్రశ్న. ఆరుగురు రైతుల దగ్గర ఆరు లాట్లు తీసుకుంది. ప్రతి లాటునూ రెండు సగాలు చేసి, ఒక సగం కల్లంలో, ఇంకో సగం డ్రయ్యర్‌లో ఎండబెట్టింది. ప్రతి సగం నుంచి మూడు శాంపిళ్లు తీసి రంగు విలువ కొలిచింది. ఎసిటోన్‌లో రంగు దింపి, 460 నానోమీటర్ల దగ్గర శోషణ చూసే ఆస్టా పద్ధతి. కారానికి, సారంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మీద, కారాన్నిచ్చే క్యాప్సైసిన్ కొలిచింది.

మర్నాడు ఆ అమ్మాయి రైల్వే ప్లాటుఫారం బెంచీ మీదే ముసాయిదా జవాబు రాసుకుని వచ్చింది. మొదటి వాక్యం ఇది: "సమయం, నిధులు లేనందున ఈ ప్రయోగాలు చేయలేకపోయాం." ఈ వాక్యం ఎప్పుడూ రాయకండి. మీ ఇబ్బంది నిజమే, కానీ దాని వల్ల రివ్యూయర్ అనుమానం తీరదు. ఎడిటర్ దాన్ని చదివితే, ప్రయోగం అవసరమే గానీ వీళ్లు చేయలేదు అని అర్థం చేసుకుంటారు.

మొదటి కామెంట్: "నమూనాలు చాలవు, మరో రెండు సీజన్లు చేయండి." ఆ అమ్మాయి దీన్ని సీజన్ల గొడవగా చదివింది. నేను పద్ధతుల భాగం తీసి చూశాను. ఆరు లాట్లు, ఒక్కోదాంట్లో మూడు శాంపిళ్లు కాబట్టి పద్దెనిమిదికి పద్దెనిమిది అని టి-టెస్ట్ చేసింది. అసలు తప్పు అక్కడుంది. ఒకే రైతు, ఒకే కోత, ఒకే కల్లం నుంచి తీసిన మూడు శాంపిళ్లు ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి. వాటిని మూడు స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కపెట్టకూడదు. ఆమె దగ్గర ఉన్నవి పద్దెనిమిది కావు, ఆరు జతలు. రివ్యూయర్ ముక్కు సూటిగా ఆ మాట అనలేదు గానీ, ఆయనకు గుచ్చుకున్నది అదే.

అక్కడే కూర్చుని మళ్లీ లెక్క వేశాం. మూడు శాంపిళ్ల సగటు తీస్తే ఒక్కో సగానికి ఒక్కో అంకె వచ్చింది. ప్రతి లాటులో డ్రయ్యర్ విలువ నుంచి కల్లం విలువ తీసేస్తే తేడాలు 14, 9, 17, 11, 6, 15. సగటు 12. జతల టి-టెస్ట్ ప్రకారం 95 శాతం విశ్వాస అంతరం 7.7 నుంచి 16.3 వరకు. ఆరు లాట్లలోనూ తేడా ఒకే వైపు ఉంది. అంటే తప్పు సరిదిద్దినా ఫలితం నిలబడింది. ఒకవేళ అంతరం సున్నాను దాటి అటు వైపుకి పోయి ఉంటే నా సలహా వేరేగా ఉండేది: అప్పుడు మరిన్ని లాట్లు తప్పనిసరి, జవాబులో ఎంత తియ్యగా రాసినా లాభం లేదు.

జవాబులో ఆమె రాసిన దాని భావం ఇది: "రివ్యూయర్ చెప్పింది సరైనదే. మేం ఒకే లాటులోని శాంపిళ్లను స్వతంత్ర నమూనాలుగా లెక్కించాం. ఇప్పుడు లాటునే ప్రమాణంగా తీసుకుని మళ్లీ విశ్లేషించాం, నమూనాల సంఖ్య 6. కొత్త ఫలితం పట్టిక 2లో ఉంది, సారాంశంలోని అంకెలను కూడా మార్చాం." ఆ కింద మార్చిన వాక్యాలను పూర్తిగా అతికించి, పంక్తి సంఖ్యలు ఇచ్చింది. తప్పు ఒప్పుకుంటే చులకనైపోతామని ఆమె భయపడింది. లెక్క సరిదిద్దుకున్న రచయిత మాటనే ఎడిటర్ నమ్ముతారు.

సీజన్ సంగతి మిగిలింది. మా వైపు మిర్చి కోతలు జనవరి నుంచి జోరందుకుంటాయి. కామెంట్లు వచ్చింది మేలో, గడువు 60 రోజులు. పచ్చి సరుకే లేదు. కానీ జవాబులో దీన్ని కారణంగా పెట్టలేదు. ఒక్క సీజన్‌లో ఆరు జతలు ఏం చెప్పగలవు? ఆ ఏడు ఆ వాతావరణంలో డ్రయ్యర్ మెరుగని చెప్పగలవు. కల్లం మీద ఉండగా అకాల వర్షం పడిన ఏడాదిలో తేడా ఎంతో చెప్పలేవు. అందుకే శీర్షికలోనూ సారాంశంలోనూ "ఒక సీజన్‌లో" అన్న మాట చేరింది. చర్చ భాగంలో వర్షం గురించి రెండు వాక్యాలు వచ్చాయి.

రెండో కామెంట్ ఎల్‌సీ-ఎంఎస్, అంటే విడదీసిన పదార్థాన్ని దాని ద్రవ్యరాశిని బట్టి గుర్తుపట్టే పరీక్ష. ఇక్కడ అనుమానం ఏమిటి? హెచ్‌పీఎల్‌సీలో కనిపించిన ఆ పీక్ క్యాప్సైసిన్ ఒక్కటేనా, దాని కింద ఇంకేదైనా దాగి ఉందా అని. పేపర్లో ఆమె రిటెన్షన్ టైమ్, అంటే పీక్ బయటికి వచ్చే సమయం, స్టాండర్డ్‌తో సరిపోయిందని మాత్రమే రాసింది, అది చాలదు. మా పరికరానికి పీక్ పొడవునా యూవీ స్పెక్ట్రమ్ తీయగల డయోడ్ ఎరే డిటెక్టర్ ఉంది. మిర్చి సారంలో క్యాప్సైసిన్ స్టాండర్డ్‌ను కొంచెం కలిపి మళ్లీ ఎక్కించమన్నాను. కొత్త పీక్ రాకుండా, పక్కన భుజం మొలవకుండా, ఉన్న పీకే నున్నగా పెరిగితే అది మొదటి సాక్ష్యం. పీక్ ఎక్కే చోట, శిఖరం దగ్గర, దిగే చోట తీసిన యూవీ స్పెక్ట్రమ్‌లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటే అది రెండో సాక్ష్యం. భద్రపరిచిన సారాలతో రెండు రోజుల్లో అయిపోయింది. డైహైడ్రోక్యాప్సైసిన్ స్పెక్ట్రమ్ దాదాపు ఇలాగే ఉంటుంది కాబట్టి అది విడి పీక్‌గా వస్తోందని కూడా చూపించాం.

తెలిసిన పదార్థాన్ని, తెలిసిన పంటలో కొలిచేటప్పుడు ఇది సరిపోతుంది. కొత్త సమ్మేళనం దొరికిందని అనేవాళ్లు మాత్రం ఎల్‌సీ-ఎంఎస్ తప్పించుకోలేరు, తప్పించుకోవాలని చూడకూడదు కూడా.

మూడోది నిల్వ పరీక్ష. పేపర్ చివర్లో "డ్రయ్యర్ సరుకు నిల్వలోనూ రంగు నిలుపుకుంటుంది" అని ఒక వాక్యం ఉంది. దానికి డేటా ఏది అని అడిగితే ఆ అమ్మాయి తల దించుకుంది. నిల్వ మీద ఒక్క కొలత కూడా లేదు. ఆ వాక్యం కొట్టేశాం. జవాబులో కొట్టేశామని స్పష్టంగా చెప్పాం. గుంటూరు చుట్టుపక్కల చాలా సరుకు కోల్డ్ స్టోరేజీకి వెళ్తుందని, అందువల్ల ముందు ముందు చేసే నిల్వ పరీక్ష గది వాతావరణంలోనూ చల్లని గిడ్డంగిలోనూ జరగాలని ఒక వాక్యం చేర్చాం. దూరాన కూర్చుని చదివే రివ్యూయర్‌కి ఇక్కడి పద్ధతి తెలియకపోవచ్చు, చెప్పడం మన పని. అయితే ఆ వాక్యం డేటాకు బదులు కాదు, అందుకే ముందు కొట్టివేత, ఆ తర్వాతే వివరణ.

ప్రయోగం చేయక తప్పని సందర్భం ఒకటుంది: పోలిక వస్తువే లేకపోవడం. ఈమె లాటును సగం చేసింది కాబట్టి బతికిపోయింది. కల్లం సరుకు ఒక రైతుది, డ్రయ్యర్ సరుకు ఇంకో రైతుది అయి ఉంటే, తేడా ఎండబెట్టడం వల్లనో, రకం వల్లనో, కోత వల్లనో ఎవరూ చెప్పలేరు. అప్పుడు ఏ లెక్కా, ఏ కుదింపూ కాపాడవు. మళ్లీ చేయాల్సిందే.

అపోహ: జవాబు రివ్యూయర్‌కి రాస్తాం.

రివ్యూయర్ చదువుతారు, కానీ నిర్ణయం ఎడిటర్‌ది. ఎడిటర్ రాసిన ఉత్తరాన్ని మనం పూర్తిగా చదవకపోతే ఏమవుతుందో నేను అనుభవించాను. నా తొలి పేపర్లలో ఒకదానికి రివ్యూయర్ ఇలాగే ఎల్‌సీ-ఎంఎస్ అడిగారు. శాంపిళ్లు వేరే ఊరి ల్యాబ్‌కి పంపి నాలుగు నెలలు ఎదురుచూశాను. గడువు దాటింది. పేపర్‌ను కొత్త సబ్‌మిషన్‌గా తీసుకుని కొత్త రివ్యూయర్లకు పంపారు, వాళ్లు ఎల్‌సీ-ఎంఎస్ ఊసే ఎత్తలేదు. తర్వాత పాత ఉత్తరం తీసి చూస్తే, ఎడిటర్ రాసిన పేరాలో "నిర్ధారించండి, లేదా ఆ మాట తగ్గించి రాయండి" అని ఉంది. రెండో సగం నేను చదవనే లేదు. ఆ రోజు బాగా ఏడ్చాను. అందుకే ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు ఎడిటర్ పేరా బయటికి చదివిస్తాను. గడువు చాలదనిపిస్తే, అది దాటకముందే మెయిల్ పెట్టి పొడిగింపు అడగండి.

మిగతా అపోహల సంగతి. మేజర్ రివిజన్ అంటే తిరస్కరణ కాదు. వద్దనుకుంటే వద్దనే రాసేవారు. రివ్యూయర్‌ను మార్చమని అడగడం, పక్షపాతానికి చూపించగల ఆధారం ఉంటే తప్ప, పనికిరాదు. ప్రతి కామెంట్ కింద కృతజ్ఞతలు అక్కర్లేదు, మొదట్లో ఒకసారి చాలు. కామెంట్లను మాత్రం ఒక్క ముక్క వదలకుండా పూర్తిగా అతికించాలి. ఇబ్బందిగా ఉన్న దాన్ని కుదించి రాస్తే ముందు కంటపడేది అదే.

ఆ అమ్మాయి నలభై ఒకటో రోజున అప్‌లోడ్ చేసింది. రెండో విడతలో అదే రివ్యూయర్ ఒక్కటే అడిగారు: సగటు కడ్డీల బొమ్మ తీసేసి, ఆరు లాట్లనూ కల్లం నుంచి డ్రయ్యర్‌కి ఆరు గీతలుగా చూపించమని. ఒక మధ్యాహ్నం పని. ఆరు గీతలూ పైకే వెళ్లాయి.